కడుపు నొప్పి అని ఊరుకోకు

స్వాతీ,

నీకు ఇక్కడ జర్మనీలో, మాగ్డెబుర్గ్‌లో సీటు వచ్చిందని అక్క ఫోన్‌లో చెబుతుంటే నాకు ఎంత సంతోషం వేసిందో! మన ఇంట్లోంచి ఒక ఆడపిల్ల ఒంటరిగా ఇంత దూరం చదువుకోవడానికి రావడం ఇదే మొదలు. ఫోన్ పెట్టేశాక మాత్రం టెన్షన్ మొదలైంది. నీకు చదువెలా సాగుతుందోనని కాదు, చిన్నప్పటి నుంచీ నొప్పి వస్తే నోరు విప్పని పిల్లవి. పన్ను నొప్పిని పరీక్షలయ్యేదాకా దాచిపెట్టి, బుగ్గ వాచాక బయటపడ్డావు. ఇక్కడ నీ బుగ్గ చూసేవాళ్ళు ఎవరున్నారే?

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. రాగానే, ఒంట్లో బాగున్నప్పుడే, ఇంటికి దగ్గర్లో ఒక హౌస్‌ఆర్ట్స్ట్‌ని, అంటే అన్నిటికీ ముందు చూపించుకునే డాక్టర్‌ని వెతుక్కో. ఫోన్ చేసి "నేమెన్ జీ నోయె పాట్సియెంటెన్ ఔఫ్?" అని అడుగు. కొత్తవాళ్ళను చేర్చుకుంటారా అని. ఇన్సూరెన్స్ కార్డు ఎప్పుడూ పర్సులో ఉండాలి. చాలా క్లినిక్‌లు బుధవారం, శుక్రవారం మధ్యాహ్నం నుంచి మూసేస్తారు, కాబట్టి పొద్దున్నే ఫోన్ చెయ్యి.

టైమ్ చెప్పినప్పుడు జాగ్రత్త. "హాల్ప్ నోయిన్" అంటే తొమ్మిదిన్నర కాదు, ఎనిమిదిన్నర. తొమ్మిదికి సగం దూరంలో ఉన్నామని వాళ్ళ లెక్క. అర్థం కాకపోతే "క్యోనెన్ జీ దాస్ బిట్టె లాంగ్‌జామ్ వీడర్‌హోలెన్?" అని మెల్లగా మళ్ళీ చెప్పించుకో. సిగ్గుపడకు.

ఇక అసలు సంగతి. మీ బాబాయి ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒకరోజు రాత్రి బొడ్డు చుట్టూ నొప్పి అన్నారు. బయట తిన్నది పడలేదనుకుని మజ్జిగన్నం తిని పడుకున్నారు. పొద్దున్నే క్లినిక్‌కి ఫోన్ చేసి, ఆయనకి వచ్చిన జర్మన్‌లో, "ఇష్ హాబె ఐన్ బిస్‌షెన్ మాగెన్‌ష్మెర్ట్సెన్" అన్నారు. మనం కడుపు నొప్పి అంటే పొట్టలో ఎక్కడైనా సరే. వాళ్ళకి మాగెన్ అంటే తిన్నది వెళ్ళి చేరే సంచి ఒక్కటే, పైన ఎడమ వైపు ఉండేది. పొట్ట మొత్తానికీ వాళ్ళు వాడేది బౌఖ్. పైగా ఆ "ఐన్ బిస్‌షెన్", అంటే కొంచెం! ప్రాణం పోతున్నా మనవాళ్ళు కొంచెం అనే అంటారు, అది మర్యాద అనుకుంటారు. అవతల అమ్మాయి విన్నది విన్నట్టే రాసుకుంది. ఎవరికో కొంచెం అజీర్ణం అనుకుని గురువారానికి టెర్మీన్, అంటే అపాయింట్‌మెంట్ ఇచ్చింది. మీ బాబాయి డాంకె చెప్పి ఫోన్ పెట్టేశారు.

మధ్యాహ్నానికి నొప్పి బొడ్డు దగ్గర నుంచి కుడివైపు కిందికి దిగింది. నిలువుగా నడవలేరు, దగ్గితే చెయ్యి అడ్డం పెట్టుకుంటారు, అన్నం వాసన పడదు, ఒళ్ళు కాలిపోతోంది. అయినా టెర్మీన్ ఉందిగా అంటారు! పక్కింటి జర్మన్ ఆవిడ మెట్ల మీద ఆయన వంగి నడవడం చూసి "వో?" అని ఒక్క మాట అడిగింది, ఎక్కడ అని. ఆయన వేలు పెట్టి చూపించారు. ఆవిడ "బ్లింట్‌డార్మ్!" అని అంబులెన్స్ నంబరు 112కి ఫోన్ చేసింది. అపెండిక్స్. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. అప్పటికే అది పగిలింది, అందుకే ఆసుపత్రిలో చాలా రోజులు ఉండాల్సి వచ్చింది. నాకు ఆ కారిడార్‌లో కూర్చోవడం గుర్తొస్తే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. అందుకే నీకు ఇంత రాస్తున్నాను, విసుక్కోకు.

ఆ రోజు ఏమనాల్సిందో నేను తర్వాత ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. నువ్వూ రాసిపెట్టుకో: "ఇష్ హాబె జైట్ గెస్టర్న్ ఆబెన్ట్ బౌఖ్‌ష్మెర్ట్సెన్. ఎర్స్ట్ అమ్ నాబెల్, యెట్స్ట్ రెష్ట్స్ ఉంటెన్. బైమ్ గేయెన్ విర్ట్ ఎస్ ష్లిమర్." నిన్న సాయంత్రం నుంచి పొట్ట నొప్పి, ముందు బొడ్డు దగ్గర, ఇప్పుడు కుడివైపు కింద, నడిస్తే ఎక్కువవుతోంది. ఆయన ఫోన్ చేసిన వేళకి నొప్పి ఇంకా కదల్లేదు. కాబట్టి మధ్యాహ్నం మళ్ళీ ఫోన్ చేసి, ఇలా మారింది అని చెప్పాల్సింది. ఎప్పటి నుంచి, ఎక్కడ, ఎలా మారింది. ఇవి మూడూ చెబితే ఏ క్లినిక్కూ గురువారం రమ్మనదు. ఆఖర్న "ఎస్ ఇస్ట్ ద్రింగెంట్" అను. అర్జెంటు అని. కొంచెం అనే మాట మాత్రం నోట్లోంచి రానివ్వకు.

నొప్పి ఎలాంటిదని డాక్టర్ అడుగుతారు. పొడిచినట్టుంటే ష్టెషెంట్, మంటగా ఉంటే బ్రెనెంట్, నొక్కినట్టుంటే ద్ర్యుకెంట్, మెలిపెట్టినట్టు వచ్చి పోతుంటే క్రాంప్ఫ్‌ఆర్టిష్. ఒకటి నుంచి పది లోపు ఎంత అని అడిగితే ధైర్యం చూపించకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పు. జ్వరం 101, 102 అని చెప్పకు, వాళ్ళకి సెల్సియస్ లెక్క. మన 102 ఇక్కడ దాదాపు 39. ఇక్కడి థర్మామీటరే కొనుక్కో.

ఒళ్ళు ఎలా ఉందో చెప్పడానికి ఒక సులువు ఉంది. మనం "నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అన్నట్టే వాళ్ళూ "నాకు"తోనే మొదలుపెడతారు. మియర్ ఇస్ట్ ష్విండెలిష్, కళ్ళు తిరుగుతున్నాయి. మియర్ ఇస్ట్ ఊబెల్, వికారంగా ఉంది. మియర్ ఇస్ట్ కాల్ట్, చలిగా ఉంది. ఇంగ్లీషులో ఆలోచించి "ఇష్ బిన్ కాల్ట్" అన్నావంటే నేను మనసు లేనిదాన్ని అన్నట్టు వినిపిస్తుంది. నడుము నొప్పికి "మియర్ టూట్ డేర్ ర్యూకెన్ వే" అంటే చాలు. ర్యూకెన్ స్థానంలో కోప్ఫ్ పెడితే తల, హాల్స్ పెడితే గొంతు. ముక్కు దిబ్బడకి "మైనె నాజె ఇస్ట్ ట్సూ" అను. పొరపాటున ఫెర్‌ష్టోప్ఫుంగ్ అనకు, విరేచనం కావట్లేదని మందిచ్చి పంపిస్తారు. మీ బాబాయి స్నేహితుడికి జరిగింది, ఇప్పటికీ నవ్వుతాం.

మనవాళ్ళు అన్నిటికీ చెప్పే "వేడి చేసింది", "గ్యాస్ పట్టింది" ఇక్కడ పనికిరావు. వేడి అంటే నోట్లో పుండ్లా, మూత్రంలో మంటా? మంటయితే "బ్రెనెన్ బైమ్ వాసర్‌లాసెన్" అను. గుండెల్లో మంటకి జోడ్‌బ్రెనెన్. అదే ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి, చెమటలు పడితే మాత్రం గ్యాస్ అనుకుని కూర్చోకు, 112. రాత్రిళ్ళో, శని, ఆదివారాల్లో డాక్టర్ కావాలి గానీ అంత ప్రమాదం కాదనిపిస్తే 116117. ఆ రెండు నంబర్లూ ఫోన్‌లో ఇప్పుడే సేవ్ చేసుకో.

టెర్మీన్‌కి వెళ్ళలేకపోతే ముందు రోజే "ఇష్ ముస్ దేన్ టెర్మీన్ ఆబ్‌జాగెన్" అని చెప్పేయ్.

ఆదివారం ఫోన్ చెయ్యి. నేను క్లినిక్‌లో అమ్మాయిని, నువ్వు కడుపు నొప్పితో ఉన్న పేషెంటువి. తెలుగులో మాట్లాడితే పెట్టేస్తాను. ఆవకాయ జాడీ ఒకటి మీ అమ్మ సర్దుతుందట, మూత టేపు వేయించు.

నీ
పిన్ని