హైపర్‌కేర్ అయ్యాక మానేయాలంటే రాజీనామా లేఖ ఎలా రాయాలి?

"విజయవాడలో ఒక కంపెనీలో ఈఆర్‌పీ సపోర్ట్ చేస్తున్నాను. కన్సల్టెంట్‌గా ఆఫర్ వచ్చింది. నోటీసు 60 రోజులు. హైపర్‌కేర్ మధ్యలో వదిలేసి పోవడం నాకిష్టం లేదు. లేఖలో ఏం రాయాలి?"

కచ్చితమైన తేదీ రాయండి. "హైపర్‌కేర్ ముగిశాక" అని మాత్రం రాయకండి.

గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే సంస్థలో ఎస్‌ఏపీ సపోర్ట్‌లో ఉన్నప్పుడు నా మొదటి డ్రాఫ్ట్‌లో ఆ మాటే ఉంది. మా ఫైనాన్స్ మేడం చదివి, "అది ఎప్పుడు ముగుస్తుందో ఎవరు తేల్చాలి బాబూ?" అన్నారు. మాకు ఏప్రిల్ 1న కొత్త సిస్టమ్ గో-లైవ్. ఆ తర్వాత సిస్టమ్‌ను దగ్గరుండి చూసుకునే హైపర్‌కేర్ ప్లాన్‌లో ఏప్రిల్ 30 వరకే ఉంది. కానీ ఏప్రిల్ నెల ఖాతాలు మూసేది మే మొదటి వారంలో. కొత్త సిస్టమ్‌లో మొదటి మంత్-ఎండ్ అయితేనే అసలు తప్పులు బయటపడతాయి, కాబట్టి అది పొడిగిస్తారని ముందే ఊహించొచ్చు. అందుకే మార్చి 16న మెయిల్ పెట్టి, 60 రోజులు లెక్కేసి, మే 15 నా చివరి పనిదినం అని రాశాను. హైపర్‌కేర్‌ను నిజంగానే మే నెలలోకి పొడిగించారు, నా తేదీ మాత్రం మారలేదు.

కారణానికి ఒక్క వాక్యం చాలు: "కన్సల్టెంట్‌గా పనిచేసే అవకాశం వచ్చినందున రాజీనామా చేస్తున్నాను." కొత్త కంపెనీ పేరు అక్కర్లేదు. అయితే ఆఫర్ ఇచ్చింది మీ ప్రాజెక్ట్ చేస్తున్న పార్టనరే అయితే, ఒకరి మనుషుల్ని ఒకరు తీసుకోకూడదనే షరతు ఒప్పందంలో ఉందేమో ముందు హెచ్‌ఆర్‌ను అడగండి.

తర్వాత పేరాలో అప్పగింత గురించి రాయండి. ఇక్కడ బ్యాక్‌గ్రౌండ్ జాబ్‌లను అస్సలు మర్చిపోవద్దు. నాకంటే ముందు, పాత సిస్టమ్ ఉండగానే మానేసిన అబ్బాయి ఐడీని చివరి రోజు సాయంత్రమే లాక్ చేశారు. కోల్డ్ స్టోరేజీల స్టాక్ తెచ్చే రాత్రి జాబ్ అతని ఐడీ మీదే నడుస్తోందని ఎవరికీ తెలియదు. పొద్దున చూస్తే, జాబ్‌ల స్థితి చూపించే SM37 స్క్రీన్‌లో ఆ జాబ్ ఎర్రగా ఉంది. లాగ్ తెరిస్తే స్టెప్ మొదలయ్యేటప్పుడు ఆ యూజర్ లాగిన్ విఫలమైందని ఉంది. ఒకపక్క యార్డు నుంచి లారీలు వస్తున్నాయి, స్క్రీన్ మీద నిన్నటి స్టాకే కనిపిస్తోంది. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

అందుకే నా లేఖలో ఇలా రాశాను: "నా ఐడీతో నడిచే జాబ్‌లను మే 8 లోపు సిస్టమ్ యూజర్‌కు మారుస్తాను. మిగిలిన వారం అవి సరిగా నడుస్తున్నాయో లేదో చూస్తాను." SM37లో వెతికేటప్పుడు జాబ్ ఎవరు పెట్టారో చూసి ఆగిపోవద్దు. వేరేవాళ్లు పెట్టిన జాబ్‌లో కూడా ఏదో ఒక స్టెప్ మీ ఐడీతో ఉండొచ్చు. ప్రతి స్టెప్‌లో యూజర్ పేరు తెరిచి చూడండి. మార్చడానికి ముందు, ఆ సిస్టమ్ యూజర్‌కు కావాల్సిన ఆథరైజేషన్లు ఉన్నాయో లేదో సిస్టమ్‌ను నిర్వహించే బేసిస్ వాళ్లతో చూపించుకోండి.