సంకల్పంలో మన ఊరు ఎక్కడ? పంతులుగారితో రెండు నిమిషాల షార్ట్ కోసం

నేను డాలస్ దగ్గర స్థిరపడి 19 ఏళ్లయింది. ఈమధ్యే వచ్చిన ఒక జంట మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు అడిగారు: "అన్నయ్యా, పంతులుగారితో ప్రశ్న, జవాబు పద్ధతిలో చిన్న వీడియోలు చేద్దామనుకుంటున్నాం. మొదటిదానికి ఏది తీసుకోమంటారు? స్క్రిప్టు ఎలా రాయాలి?" దీపం ఎందుకు పెడతారు, గంట ఎందుకు కొడతారు అని వాళ్లు అప్పటికే ఒక జాబితా రాసుకున్నారు. అవి ఇండియాలో ఉన్నవాళ్లూ అడిగే ప్రశ్నలే. ఇల్లు వదిలి ఇంత దూరం వచ్చినవాళ్లకి ప్రత్యేకంగా తగిలే ప్రశ్న ఒకటుంది. అది సంకల్పం. మొదటి షార్ట్ దానిమీదే చేయమన్నాను.

నాకు ఆ ప్రశ్న ఎలా తగిలిందో చెబుతాను. వచ్చిన కొత్తలో, అద్దె అపార్ట్‌మెంట్‌లో, ఒక శుక్రవారం సాయంత్రం లక్ష్మీపూజ పెట్టుకున్నాం. ఇండియా నుంచి ఒక పంతులుగారు ఫోన్‌లో చేయించారు. మాకు రాత్రి ఎనిమిదిన్నర. ఆయనకి శనివారం ఉదయం ఏడు. ఆయన "కృష్ణా గోదావర్యోః మధ్యదేశే" అన్నారు, నేనూ అన్నాను. "స్థిరవాసరే" అన్నారు, అదీ అన్నాను. స్థిరవాసరం అంటే శనివారమని నాకు అప్పట్లో తెలియదు. అమెరికాలో కూర్చుని, శుక్రవారం నాడు, నేను కృష్ణా గోదావరుల మధ్య శనివారం పూజ చేస్తున్నానని దేవుడికి చెప్పుకున్నాను. తెలిశాక చాలా రోజులు మనసులో కలుక్కుమంటూనే ఉంది.

అందుకే స్క్రిప్టు రాసేటప్పుడు "సంకల్పం ఎందుకు చేస్తారు?" అని మాత్రమే అడిగితే చాలదు. అలా అడిగితే పంతులుగారు అరగంట చెబుతారు, అది ఆయన తప్పు కాదు. ఆ పెద్ద ప్రశ్నని మనవాళ్లకి నిజంగా వచ్చే చిన్న ప్రశ్నలుగా విడగొట్టాలి. ఇక్కడ ఉండి "భరతఖండే" అనొచ్చా? రోజు ఏ దేశానిది చెప్పాలి? అద్దె ఇల్లు అయితే ఏమనాలి? ఈ మూడింటికీ జవాబు చెబుతుంటే సంకల్పం ఎందుకన్నది దానంతటదే అర్థమవుతుంది. యూట్యూబ్‌లో 2024 అక్టోబరు నుంచి షార్ట్ మూడు నిమిషాల దాకా ఉండొచ్చు. నా సలహా రెండున్నర దాటవద్దని. పంతులుగారు శ్లోకం చదివేటప్పుడు నెమ్మదిస్తారు, ఆ సమయం ముందే వదిలిపెట్టాలి.

నేను వాళ్లకి రాసిచ్చిన స్క్రిప్టు ఇది. ఉదాహరణకి 2025 వినాయక చవితిని తీసుకున్నాను.

పంతులుగారు పీట మీద కూర్చుని ఉంటారు. ముందు పళ్లెం, పంచపాత్ర, ఉద్ధరిణి, అక్షతలు. ఎదురుగా ఒక అమ్మాయి.

అమ్మాయి: పంతులుగారూ, పూజ మొదట్లో మా చేతిలో అక్షతలు పెట్టి మీరు ఏదో పొడుగ్గా చదువుతారు. మధ్యలో మా గోత్రం, పేర్లు వినిపిస్తాయి. అదంతా ఎందుకండీ?

పంతులుగారు: అది సంకల్పం తల్లీ. ఈ పూజ ఎవరు చేస్తున్నారు, ఎక్కడ, ఎప్పుడు, ఏం కోరి చేస్తున్నారు అన్నది మీ నోటితో మీరు చెప్పుకోవడం. నేను మాట అందిస్తాను, చేసేది మీరు. అందుకే మీ చేత "మమ" అనిపిస్తాను. మమ అంటే "నాయొక్క" అని అర్థం.

అమ్మాయి: అందులో "జంబూద్వీపే, భరతవర్షే, భరతఖండే" అని వస్తుంది కదా. మనం ఉన్నది టెక్సస్‌లో. అలాగే అనొచ్చా?

పంతులుగారు: ఆ మాటలు ఉన్నచోటుని చెప్పడానికే. కాబట్టి చోటు మారితే మాట మారాలి. ఇక్కడి గుళ్లలో చాలామందిమి "క్రౌంచద్వీపే, రమణకవర్షే, ఐంద్రఖండే" అంటాం. పురాణాల్లో ఏడు ద్వీపాల పేర్లున్నాయి, అమెరికా అన్న పేరు లేదు. పెద్దలు పోల్చుకుని ఈ వాడుక పెట్టారు. ఒప్పుకోని పండితులూ ఉన్నారు. నేనైతే ఆ తర్వాత ఊరి పేరు, దగ్గరున్న ట్రినిటీ నది పేరు కూడా చేరుస్తాను. అప్పుడు చోటు స్పష్టంగా తెలుస్తుంది.

అమ్మాయి: మరి రోజు? మా అమ్మావాళ్లు హైదరాబాద్‌లో చవితి బుధవారం చేసుకున్నారు. మీరు మాచేత మంగళవారమే చేయించారు.

పంతులుగారు: తిథి మొదలయ్యే క్షణం ప్రపంచమంతటికీ ఒక్కటే. గడియారాలే వేరు. ఆ చవితి మనకి మంగళవారం తెల్లవారుజామున మొదలై, బుధవారం సూర్యోదయానికి ముందే అయిపోయింది. వినాయకుడి పూజకి మధ్యాహ్నం చవితి ఉండాలి. మనకి అది మంగళవారమే దొరికింది. అందుకే ఇక్కడ "భౌమవాసరే" అన్నాం, అక్కడ "సౌమ్యవాసరే" అన్నారు. ఇద్దరిదీ సరైనదే.

అమ్మాయి: మాది అద్దె ఇల్లండీ. "స్వగృహే" అంటే ఇబ్బందా?

పంతులుగారు: అద్దె ఇంట్లో "వసతిగృహే" అంటాం. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవడమే కదమ్మా సంకల్పం. ఇప్పుడు అక్షతలు పళ్లెంలో వదిలి, నీళ్లు ముట్టుకో.

స్క్రిప్టు ఇంతే. చివర్లో కెమెరా పంతులుగారి ముఖం మీద కాదు, నీళ్లు తాకే వేళ్ల మీద ఆగాలి.

ఇందులో పంచాంగం భాగం దగ్గరే ఎక్కువమంది తడబడతారు, దాన్ని కొంచెం విప్పి చెబుతాను. చంద్రుడు సూర్యుడి కంటే 12 డిగ్రీలు ముందుకు జరిగితే ఒక తిథి పూర్తవుతుంది. అది ఆకాశంలో జరిగే పని, ఏ ఊరి గడియారంతోనూ సంబంధం లేదు. 2025లో ఆ చవితి భారత కాలమానం ప్రకారం ఆగస్టు 26 మధ్యాహ్నం 1:54కి మొదలై 27 మధ్యాహ్నం 3:44 దాకా ఉంది. వేసవిలో డాలస్ గడియారం ఇండియా కంటే పదిన్నర గంటలు వెనక. అంటే మనకి 26 తెల్లవారుజామున 3:24 నుంచి 27 తెల్లవారుజామున 5:14 దాకా. హైదరాబాద్‌లో మధ్యాహ్న పూజావేళకి చవితి ఉన్నది 27న, డాలస్‌లో 26న. నక్షత్రం కూడా మారింది. డాలస్‌లో పూజవేళకి హస్త, హైదరాబాద్‌లో పూజవేళకి చిత్త. విశ్వావసు నామ సంవత్సరం, దక్షిణాయనం, వర్షఋతువు, భాద్రపద మాసం, శుక్లపక్షం వరకు రెండు చోట్లా ఒకే సంకల్పం. ఆ తర్వాతే తేడా మొదలైంది.

కాబట్టి స్క్రిప్టులో తేదీ రాసే ముందు మీ ఊరి పేరుతో గుణించిన పంచాంగం చూడండి. ఇండియా నుంచి తెచ్చుకున్న క్యాలెండర్‌లోని సమయాల్లోంచి పదిన్నర గంటలు తీసేస్తే తిథి ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో వస్తుంది. పండుగ రోజు మాత్రం అలా రాదు. ఒక్కో పండుగకి ఒక్కో వేళ ముఖ్యం, ఆ వేళ మీ ఊరి సూర్యోదయ సూర్యాస్తమయాల్ని బట్టి ఉంటుంది. చలికాలంలో ఇక్కడ గడియారం ఒక గంట వెనక్కి జరిపాక ఆ తేడా పదకొండున్నర గంటలవుతుంది. దీపావళి దాటాక చాలామంది మర్చిపోయేది ఇదే.

ఫోన్‌లోనో వీడియో కాల్‌లోనో పూజ చేయించుకునేవాళ్లు వారం పేరు ఒక్కటి వింటే చాలు, తప్పు పట్టుకోవచ్చు. ఆదివారం భానువాసరం, సోమవారం ఇందువాసరం, మంగళవారం భౌమవాసరం, బుధవారం సౌమ్యవాసరం, గురువారం బృహస్పతివాసరం, శుక్రవారం భృగువాసరం, శనివారం స్థిరవాసరం. పూజ చేసే కర్త ఎక్కడుంటే అక్కడి వారం. మాట అందించే పంతులుగారు ఎక్కడున్నా ఫర్వాలేదు. ఆయన వేరే పేరు అంటే "పంతులుగారూ, మాకింకా శుక్రవారమేనండీ" అని మెల్లగా చెప్పండి. ఎవరూ తప్పుగా అనుకోరు. ఈ ఏడు పేర్లు వీడియోలో ఇరికించకండి, కింద వివరణలో రాసిపెట్టండి.

"మమ" గురించి ఒక మాట. ఏదో అయిందనిపించడాన్ని మనం తెలుగులో "మమ అనిపించేశాం" అంటాం. ఆ వాడుక పుట్టింది ఈ సంకల్పంలోంచే. అర్థం తెలియకుండా పంతులుగారి వెంట అనేసే అలవాటు అంత పాతది. పంతులుగారు ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగి, "నాయొక్క" అన్న అర్థం తొందర లేకుండా చెప్పాలి. ఎడిటింగ్‌లో నిడివి తగ్గించాల్సి వస్తే ఇంకేదైనా తీసేయండి, ఆ ఆగడం తీయకండి.

పంతులుగారిని ఒప్పించేటప్పుడు ఒక జాగ్రత్త. రికార్డింగ్‌కి రెండు మూడు రోజుల ముందే స్క్రిప్టు ఆయన చేతిలో పెట్టి, ద్వీపం పేరు, వర్షం పేరు ఆయన సంప్రదాయంలో ఎలా చెబుతారో అడగండి. ఆయన "భరతఖండే" అనే అంటానంటే ఆయన చెప్పే కారణం వినండి, అదే జవాబుగా పెట్టండి. నేను రాసిన మాటలు ఆయన నోట్లో పెట్టకూడదు. అలాగే అక్షతలు పట్టుకుంటే చేతి నరాలకి మేలు లాంటి మాటలు మీరు స్క్రిప్టులో రాయకండి, ఆయన చేత చెప్పించకండి. సంకల్పానికి శాస్త్రం చెప్పే కారణం ఉంది, అది చాలు. ఎవరో నిలదీస్తే నిలబడని మాట పంతులుగారి పేరు మీద శాశ్వతంగా ఉండిపోతుంది.

కెమెరా ముందు సంకల్పం చదివేటప్పుడు కూర్చున్న కుటుంబం అసలు గోత్రం, పిల్లల పేర్లు, జన్మనక్షత్రాలు చెప్పనివ్వకండి. ఆ చోట పంతులుగారు "మీ గోత్రం, మీ పేరు" అని ఆపితే చూసేవాళ్లు తమవి చెప్పుకుంటారు. మా జంట మొదటి టేక్‌లో పాప పేరు, నక్షత్రం, ఊరి పేరు మొత్తం వచ్చేశాయి. రెండోసారి తీశారు. ఆ రెండోసారి పంతులుగారు ఆగిన చోట, కెమెరా వెనక నిలబడి ఉన్న ఆ పాప నాన్న తన గోత్రం మెల్లగా అనుకున్నాడు.