వరద నీరు దిగిన ఇంట్లో మెయిన్ వేసే ముందు

ప్రశ్న: మా ఇంట్లో మూడడుగుల నీరు నాలుగు రోజులు నిలిచింది. ఇప్పుడు గోడలు ఆరాయి. స్విచ్ బోర్డులు నీటికి పైనే ఉన్నాయి, తడవలేదు. మెయిన్ వేయవచ్చా? ఫ్రిజ్ పనిచేస్తుందో లేదో ఒకసారి ఆన్ చేసి చూడవచ్చా?

వేయకండి. ఫ్రిజ్ ప్లగ్గు కూడా పెట్టకండి. నేను విజయవాడలో ఇళ్ల వైరింగ్ పని చేస్తాను. 2024 సెప్టెంబరులో బుడమేరు నీరు సింగ్ నగర్ వైపు ఇళ్లను ముంచినప్పుడు మా ఇల్లూ మునిగింది.

మా బోర్డులు కూడా నాలుగున్నర అడుగుల ఎత్తులో పొడిగానే ఉన్నాయి. కానీ ఆ బోర్డు నుంచి ఫ్రిజ్ ప్లగ్గుకు గోడలోనే ఒక పైపు కిందికి దిగుతుంది. నేలకు అడుగు ఎత్తున ఉన్న ఆ ప్లగ్గు పలక విప్పగానే పెట్టెలోంచి బూడిద రంగు నీళ్లు నా మోచేతి మీదుగా కారాయి. అప్పటికి నీరు దిగి ఆరు రోజులైంది, గోడ ముట్టుకుంటే పొడిగానే ఉంది. పైపులోకి గాలి ఆడదు కాబట్టి అక్కడి నీరు వారాల తరబడి ఉంటుంది. వైరు తొడుగు నీటికి అంత త్వరగా పాడవదు. టేపు చుట్టిన అతుకుల దగ్గరా, ప్లగ్గు స్క్రూల దగ్గరా మాత్రం బురద చేరి, ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య దారి అవుతుంది.

ఇన్వర్టర్ ఉంటే దాని సంగతి ముందు చూడాలి. మెయిన్ ఆపినా అది ఇంట్లోకి కరెంటు పంపుతూనే ఉంటుంది. అది నీటిలో మునిగి ఉంటే మీరు చేయి పెట్టకండి. తడవకుండా ఉంటే, పొడి నేల మీద నిలబడి దాన్ని ఆపి, బ్యాటరీ తీగలు విప్పించండి. మీటరు మునిగితే దాన్ని తెరవడం మన పని కాదు, లైన్‌మన్‌కు చెప్పి స్తంభం దగ్గరే కనెక్షన్ తీయించండి.

ఆ తర్వాత చేయవలసిన పరీక్ష మెగ్గర్‌తో. మల్టీమీటరు చాలదు, దాని చిన్న బ్యాటరీకి బయటపడని లీకు 230 వోల్టుల దగ్గర బయటపడుతుంది. మెగ్గర్ 500 వోల్టులతో తొడుగును పరీక్షిస్తుంది. ప్లగ్గుల్లోని వస్తువులన్నీ తీసేసి, ఒక్కో సర్క్యూట్‌కు ఫేజు నుంచి ఎర్త్‌కు, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు విడివిడిగా కొలవాలి. 1 మెగా ఓమ్ కంటే తక్కువ వస్తే నేను ఆ సర్క్యూట్‌కు కరెంటు ఇవ్వను. మా పడకగది లైట్ల సర్క్యూట్ 60 చూపింది, వంటగది ప్లగ్గులది 0.04 చూపింది.

న్యూట్రల్ సంగతి గట్టిగా చెప్పడానికి కారణం పక్కింట్లో జరిగినది. వాళ్లు వంటగది ఎంసీబీ దించి, మిగతావి వేసుకున్నారు. పడకగదిలో ఫ్యాను వేయగానే, కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సరఫరా తెంచే ఆర్‌సీసీబీ పడిపోయింది. తప్పు ఫ్యానులో ఉందనుకుని ఫ్యాను విప్పారు. చాలా ఇళ్లలో ఎంసీబీ ఫేజునే తెంచుతుంది, న్యూట్రల్ తీగ మాత్రం అన్ని సర్క్యూట్ల న్యూట్రళ్లూ కలిసే పట్టీకి అంటుకునే ఉంటుంది. ఫ్యాను నుంచి తిరిగి వచ్చే కరెంటులో కొంత, తడిసిన వంటగది న్యూట్రల్ మీదుగా ఎర్త్‌లోకి పోయింది. పట్టీ నుంచి వంటగది న్యూట్రల్ విప్పగానే ఫ్యాను తిరిగింది. ఆ రోజు విసిగిపోయి ఆర్‌సీసీబీని పక్కకు తప్పించి నేరుగా కలపబోయారు, నేను చూసి ఆపాను. 30 మిల్లీ ఆంపియర్ల లీకుకు పడిపోయేది అదొక్కటే. మనిషి ప్రాణం తీసేంత లీకు ఉన్నా 16 ఆంపియర్ల ఎంసీబీకి తెలియదు, అది పడకుండానే ఉంటుంది. అందుకే 'ఎంసీబీ పడలేదు, అంతా బాగుంది' అనుకోకండి. నీటిలో మునిగిన ఎంసీబీ, ఆర్‌సీసీబీ, ప్లగ్గులు ఆరబెట్టినా పనికిరావు, కొత్తవి వేయించండి.

ఫ్రిజ్ కంప్రెసర్ మూసి ఉన్న డబ్బా కాబట్టి అది సాధారణంగా తట్టుకుంటుంది. దాని పక్కన చిన్న పెట్టెలో ఉండే రిలే, వైర్ల కొసలు తట్టుకోవు. మెకానిక్ వాటిని మార్చి, ప్లగ్గు పిన్నుల నుంచి బాడీకి మెగ్గర్ పెట్టి చూశాకే కరెంటు ఇవ్వాలి. వాషింగ్ మెషిన్, నీళ్ల మోటారు కూడా అంతే, మోటారు చుట్టలను వైండింగ్ షాపులో వేడి చేసి ఆరబెడతారు. తడిసిన ఎక్స్‌టెన్షన్ బోర్డులు, ఛార్జర్లు పారేయండి.

కరెంటు వేసే రోజున ఎంసీబీలన్నీ దించి, సరిగ్గా కొలత వచ్చిన సర్క్యూట్లను మాత్రం ఒక్కొక్కటిగా వేయించండి. రాని వాటికి ఫేజు, న్యూట్రల్ రెండూ విప్పి ఉంచాలి. మా వంటగది వైర్లు లాగేసి, పైపులోకి గాలి కొట్టి, కొత్త వైరు వేశాక కొలత 0.04 నుంచి 80కి వచ్చింది. అప్పటివరకు, అంటే 11 రోజులు, ఆ గదిలో ఏ ప్లగ్గూ వాడలేదు.