రోజువారీ రిజెక్షన్‌కి కంట్రోల్ చార్ట్: గీతలు ఎక్కడి నుంచి తేవాలి?

ప్రశ్న: సార్, నేను డిప్లొమా మెకానికల్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్లాస్టిక్ విడిభాగాలు తయారుచేసే యూనిట్‌లో, క్వాలిటీ విభాగంలో ట్రైనింగ్‌లో ఉన్నాను. రోజూ 400 నైలాన్ పీసులు చూసి ఎన్ని రిజెక్ట్ అయ్యాయో రాస్తాం. 12 దాటితే సూపర్‌వైజర్ సంజాయిషీ అడుగుతారు. 20 రోజుల లెక్క ఇది: 11, 14, 9, 12, 17, 10, 13, 8, 12, 15, 11, 25, 24, 13, 12, 10, 14, 6, 13, 12. ఎక్సెల్‌లో సగటుకి STDEV మూడు రెట్లు కలిపి ఒక గీత, తీసేసి ఒక గీత పెట్టాను. ఒక్క చుక్క కూడా బయటికి రాలేదు. కానీ 12, 13 రోజుల్లో డ్రైయర్ హీటర్ పనిచేయలేదని ఆపరేటర్ చెప్పారు. మరి చార్ట్ ఎందుకు పట్టుకోలేదు? వచ్చే నెల క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ ఇంటర్వ్యూ ఉంది. ఈ పని గురించి అక్కడ చెప్పొచ్చా?

జవాబు: చెప్పొచ్చు. కానీ ముందు ఆ గీతలు సరిచేసుకోవాలి. మీ చార్ట్ హీటర్‌ని పట్టుకోలేకపోవడానికి కారణం మీరు వాడిన STDEV. ఇంటర్వ్యూలో అడిగేవాళ్లు ఈ విషయం తెలిసినవాళ్లయితే మొదట వేలు పెట్టేది కూడా అక్కడే.

STDEV ఏం చేస్తుందో చూడండి. మీ 20 అంకెలు ఎంత చెదిరి ఉన్నాయో అది కొలుస్తుంది. ఆ 20లో 25, 24 కూడా ఉన్నాయి. మామూలుగా 6 నుంచి 17 మధ్య తిరిగే అంకెల్లో ఆ రెండూ పడగానే చెదురు పెరిగిపోయింది. సగటు 13.05, STDEV సుమారు 4.63. మూడు రెట్లు కలిపితే పై గీత 26.9 దగ్గరికి పోయింది. అంటే ఆ రెండు చెడ్డ రోజులే గీతను పైకి నెట్టి, దాని కింద దాక్కున్నాయి. దొంగ కూడా కూర్చుని తాళం ఎంత గట్టిగా ఉండాలో నిర్ణయించినట్టు అయింది.

మీకు కావాల్సింది వేరే ప్రశ్నకి జవాబు. ఏ ప్రత్యేకమైన ఇబ్బందీ లేకుండా, ప్రతి పీసూ చెడిపోయే అవకాశం రోజూ ఒకేలా ఉంటే, 400 పీసుల్లో రిజెక్షన్ సంఖ్య కేవలం యాదృచ్ఛికంగా ఎంత పైకీ కిందికీ ఊగుతుంది? దీనికి జవాబు ద్విపద విభాజనం ఇస్తుంది. మీరు గణితంలో చదివే ఉంటారు. మీరు లెక్కిస్తున్నది మంచి పీసా, చెడ్డ పీసా అన్న రెండే ముక్కలు. రోజూ చూసేది కచ్చితంగా 400. కాబట్టి మీకు సరిపోయేది ఎన్‌పీ చార్ట్. రిజెక్షన్ అంకెలు B2 నుంచి B21 వరకు ఉన్నాయనుకుంటే, D1, D2, D3 గడుల్లో వరుసగా ఇవి రాయండి:

```
=SUM(B2:B21)/(20*400)
=400*D1+3*SQRT(400*D1*(1-D1))
=400*D1-3*SQRT(400*D1*(1-D1))
```

మొత్తం రిజెక్షన్ 261, చూసిన పీసులు 8000. కాబట్టి D1లో 0.0326 వస్తుంది, అంటే 3.26 శాతం. పై గీత 23.7, కింది గీత 2.4. ఇప్పుడు 25, 24 రెండూ బయటపడ్డాయి. అంకెలు అవే, మారింది గీతలు మాత్రమే.

ఇక్కడితో ఆగిపోకండి. ఆ రెండు రోజులకీ కారణం దొరికింది. నైలాన్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డ్రైయర్ సరిగా వేడెక్కకపోతే ఆ తేమ గింజల్లో అలాగే ఉండిపోయి, మౌల్డింగ్‌లో ఆవిరై, పీసు మీద వెండి చారల్లా కనిపిస్తుంది. మీ రిజెక్షన్ రిజిస్టర్ తీసి ఆ రెండు రోజులూ చారల వల్ల పోయినవి ఎన్నో చూడండి. అవే ఎక్కువగా ఉంటే ఆపరేటర్ మాటకి రుజువు దొరికినట్టే. అప్పుడు ఆ రెండు రోజుల్ని లెక్కలోంచి తీసేసి, మిగిలిన 18 రోజులతో గీతలు మళ్లీ కట్టండి. రిజెక్షన్ 212, పీసులు 7200. సగటు 11.8, పై గీత 21.9, కింది గీత 1.6. ఇక ముందు రోజులకి ఈ గీతల్నే వాడాలి. రోజూ కొత్త అంకె చేరుస్తూ గీతల్ని జరుపుకుంటూ పోతే చార్ట్‌కి అర్థం ఉండదు. డ్రైయర్ మార్చడమో, మౌల్డ్ మార్చడమో జరిగి పద్ధతే మారినప్పుడు మాత్రం కొత్తగా కట్టాలి.

కారణం దొరకని రోజుని మాత్రం బాగాలేదని తీసేయకండి. అలా తీసేస్తూ పోతే గీతలు దగ్గరికి వచ్చేసి, మామూలు రోజు కూడా తప్పుగా కనిపిస్తుంది.

ఇప్పుడు 12 దాటితే సంజాయిషీ అడిగే అలవాటు సంగతి. నాకు ఇదే ఎక్కువ బాధగా ఉంది, ఎందుకంటే షాప్‌లో నిజంగా మనుషుల్ని నలిపేసేది ఇదే. 12 అంటే 400లో 3 శాతం. అది ఎవరో పెట్టుకున్న టార్గెట్ అయి ఉంటుంది. మీ 20 రోజుల్లో 12 దాటినవి 9. అందులో ఏదైనా జరిగిందని చెప్పగలిగినవి రెండే. మిగతా ఏడు రోజులూ ఆపరేటర్ లేని కారణాన్ని వెతికి చెప్పాల్సి వచ్చింది. మనిషి అలాంటప్పుడు ఏం చేస్తాడు? మెషిన్ సెట్టింగ్ కొంచెం తిప్పుతాడు. మర్నాడు అంకె దానంతట అదే తగ్గితే, తిప్పినందువల్లే తగ్గిందనుకుంటాడు. పెరిగితే మళ్లీ ఇంకోవైపు తిప్పుతాడు. నిలకడగా ఉన్న ప్రాసెస్‌ని ఇలా రోజూ సర్దుతూ పోతే ఊగు తగ్గకపోగా పెరుగుతుంది.

సగటు 11.8 ఉన్న ప్రాసెస్‌లో ఒకరోజు 14, ఒకరోజు 9 రావడానికి విడిగా కారణం ఉండదు. అది నచ్చకపోతే సగటునే తగ్గించాలి. దానికి 14 వచ్చిన రోజుని పట్టుకుని అడిగితే లాభం లేదు. 18 రోజుల రిజెక్షన్లూ ఒకచోట పెట్టి ఏ రకం లోపం ఎక్కువ, మౌల్డ్‌లో ఏ గుంట నుంచి వస్తోంది అని చూడాలి. టార్గెట్ గీత వేరు, కంట్రోల్ గీత వేరు. ఈ మాట సూపర్‌వైజర్‌కి నోటితో చెబితే ఎదురు మాట్లాడినట్టు ఉంటుంది. రెండు గీతలూ ఉన్న చార్ట్ ముందు పెట్టి, "సార్, ఈ రెండు రోజులకి కారణం దొరికింది, మిగతా 18 రోజుల్నీ ఒకేచోట పెట్టి చూద్దామా?" అని అడగండి. నా అనుభవంలో ఈ మాటకి కాదన్నవాళ్లు తక్కువ.

కింది గీతని చాలామంది పట్టించుకోరు. తక్కువ రిజెక్షన్ వస్తే మంచిదే కదా అనుకుంటారు. నేను క్వాలిటీలో పనిచేసిన రోజుల్లో ఒక యూనిట్‌లో ఒకరోజు చుక్క కింది గీతకీ కిందకి పడింది. అందరూ సంతోషించారు. రెండు రోజుల తర్వాత తెలిసిందేమిటంటే, తనిఖీ బల్ల మీద లైటు పోయింది. చారలు కనపడక పీసులన్నీ పాస్ అయిపోయాయి. ఆ పీసులు కస్టమర్ దగ్గర్నుంచి తిరిగొచ్చాయి. మీ చార్ట్‌లో 1 గానీ 0 గానీ వస్తే ముందు తనిఖీ ఎలా జరిగిందో చూడండి. ఎవరు చేశారు, ఏ వెలుతురులో చేశారు, నిజంగా 400 చూశారా? అన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు ఆ రోజు ఏం మంచి జరిగిందో వెతకండి. అది దొరికితే సగటు తగ్గించే దారి దొరికినట్టే. రోజుకి 100 పీసులే చూస్తుంటే మాత్రం ఇదే 3 శాతం దగ్గర కింది గీత సున్నా కంటే తక్కువకి పోతుంది. అంటే కింది గీత ఉండదు. మీకు ఉంది కాబట్టి వాడుకోండి.

ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలు తప్పకుండా రావచ్చు. మూడు రెట్లే ఎందుకు అన్నది మొదటిది. ఈ చార్ట్‌ని వాల్టర్ షూహార్ట్ 1924లో, వెస్టర్న్ ఎలక్ట్రిక్‌లో పనిచేస్తుండగా రూపొందించారు. మూడు రెట్లు అనేది ఆయన ఖర్చు చూసి ఎంచుకున్న మధ్యేమార్గం. రెండు రెట్ల దగ్గర గీత పెడితే ఏమీ జరగని రోజు కూడా సుమారు 20 రోజులకోసారి చుక్క బయటపడుతుంది, దాని వెనక వృథాగా పరుగెత్తాలి. మూడు రెట్ల దగ్గర అలాంటి తప్పుడు అలారం వెయ్యి చుక్కలకి దాదాపు మూడు. మరీ దూరం జరిపితే హీటర్ పాడైన రోజు కూడా లోపలే ఉండిపోతుంది. ఇది చెప్పి, మీ STDEV చార్ట్‌లో పై గీత 26.9కి పోయిన సంగతి ఉదాహరణగా చూపించండి. చేసిన తప్పు దాచుకోవాల్సిన అవసరం లేదు. ఆ తప్పు ఎందుకు జరిగిందో చెప్పగలిగిన అభ్యర్థి ఫార్ములా బట్టీపట్టినవాళ్ల కంటే ముందుంటాడు.

రెండోది, రోజుకి చూసే పీసులు మారితే ఏం చేస్తారు అని. అప్పుడు సంఖ్య బదులు శాతం గీయాలి, అది పీ చార్ట్. ఏ రోజు పీసుల సంఖ్యతో ఆ రోజు గీతలు కట్టాలి. తక్కువ చూసిన రోజు గీతలు దూరంగా, ఎక్కువ చూసిన రోజు దగ్గరగా వస్తాయి. ఇంకా లోతుకి వెళ్లి రోజుకి వేలకొద్దీ పీసులైతే అని అడిగితే, గీతలు మరీ దగ్గరయిపోయి మంచి రోజులు కూడా బయటపడతాయని చెప్పండి. ప్రతి పీసు చెడే అవకాశం రోజూ అచ్చంగా ఒకేలా ఉంటుందన్న మన ఊహ అక్కడ నిలబడదు. అలాంటప్పుడు వరుస రోజుల మధ్య తేడాల సగటుతో గీతలు కట్టే చార్ట్ వాడతారు.

ఇంటర్వ్యూకి ఒకే కాగితం తీసుకెళ్లండి. అందులో 20 చుక్కలు, 18 రోజులతో కట్టిన మూడు గీతలు, వేరే రంగులో టార్గెట్ గీత ఉండాలి. 12, 13 చుక్కల పక్కన "డ్రైయర్ హీటర్, వెండి చారలు" అని చేత్తో రాసి, హీటర్ బాగుచేసిన తేదీ కూడా రాయండి. ఆ తేదీ మీ దగ్గర లేకపోతే రేపే మెయింటెనెన్స్ వాళ్లని అడిగి రాసుకోండి.