హెన్లీ లూప్ మూత్రాన్ని చిక్కబరచదు. ముందు ఆ మాత్రలు ఆపండి

ప్రశ్న: నేను ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం విద్యార్థినిని. త్వరలో ఫిజియాలజీ పరీక్ష ఉంది. ‘హెన్లీ లూప్‌లో మూత్రం చిక్కబడుతుంది’ అని ఇంటర్నల్స్‌లో రాస్తే మార్కులు తీసేశారు. వడపోత నుంచి మూత్రం చిక్కబడే దాకా వివరిస్తారా? రాత్రిళ్లు చదువుతూ నీళ్లు సరిగా తాగడం లేదు. తలనొప్పికి మూడు వారాలుగా రోజూ ఐబుప్రోఫెన్ వేసుకుంటున్నాను. మూత్రం కొద్దిగా, ముదురు పసుపు రంగులో వస్తోంది. వడపోత తగ్గినట్లేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందుగా ఐబుప్రోఫెన్ సంగతి చెప్పాలి. నీళ్లు తక్కువ తాగుతూ ఇన్ని రోజులు వరుసగా నొప్పి మాత్ర వేసుకోవడం కిడ్నీకి మంచిది కాదు. ఇది చదివిన రోజే దాన్ని ఆపి, మీ కళాశాల ఆస్పత్రిలో జనరల్ మెడిసిన్ ఓపీకి వెళ్లండి. ఎందుకు ఆపమంటున్నానో మీ పాఠంలోనే ఉంది.

కిడ్నీలో వడపోత జరిగే గ్లోమెరులస్‌లోకి రక్తాన్ని తెచ్చేది అఫరెంట్ ఆర్టీరియోల్, బయటికి తీసుకెళ్లేది ఎఫరెంట్ ఆర్టీరియోల్. మధ్యనున్న కేశనాళికల్లో పీడనం పాఠ్యపుస్తకాల లెక్క ప్రకారం సుమారు 60 మిల్లీమీటర్లు. ప్లాస్మా ప్రొటీన్లు నీటిని వెనక్కి లాగే పీడనం 32, బౌమన్ గుళికలోని పీడనం 18 తీసివేస్తే మిగిలేది 10 మాత్రమే. ఆ పదితోనే నిమిషానికి 125 మిల్లీలీటర్లు, అంటే రోజుకు 180 లీటర్ల ద్రవం వడపోత అవుతుంది. ఇంత చిన్న మిగులు మీద నడిచే పని కాబట్టి, రక్తం వచ్చే దారి బిగుసుకుంటే వడపోత త్వరగా పడిపోతుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు సింపథెటిక్ నరాలు, యాంజియోటెన్సిన్ కలిసి రక్తనాళాలను బిగిస్తాయి. ఆ సమయంలో అఫరెంట్ ఆర్టీరియోల్‌ను తెరిచి ఉంచేవి కిడ్నీలోనే తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు. ఐబుప్రోఫెన్ ఆపేది సరిగ్గా వాటి తయారీనే. నీరు తగినంత ఉన్న ఆరోగ్యవంతుల్లో ఈ మాత్ర ఒకటి రెండు రోజులు వాడితే సాధారణంగా తేడా కనిపించదు. నీరు తగ్గినవారిలో మాత్రం కిడ్నీకి ఉన్న రక్షణను అదే తీసేస్తుంది. దుకాణంలో అడగగానే ఇచ్చారు కదా అని మూడు వారాలు వాడటం వైద్య విద్యార్థిని చేయవలసిన పని కాదమ్మా. పైగా నెలలో 15 రోజులు, అంతకు మించి నొప్పి మాత్రలు వాడితే, అలా కొన్ని నెలలు గడిచేసరికి మాత్రల వల్లే తలనొప్పి రావచ్చు.

అయితే మూత్రం తక్కువగా, ముదురుగా వచ్చినంత మాత్రాన వడపోత తగ్గిందని చెప్పలేం. 180 లీటర్లు వడపోసి లీటరున్నర బయటికి పంపే అవయవంలో, మూత్రం ఎంత వస్తుందనేది ప్రధానంగా పునఃశోషణే నిర్ణయిస్తుంది. రోజుకు సుమారు 600 మిల్లీఆస్మోళ్ల వ్యర్థాలు బయటికి పోవాలనుకోండి. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ మూత్రాన్ని లీటరుకు 1200 మిల్లీఆస్మోళ్ల దాకా చిక్కబరచగలదు కాబట్టి ఆ పని అర లీటరులో పూర్తవుతుంది. చిక్కబరిచే శక్తి పోయి, ప్లాస్మాతో సమానంగా 300 దగ్గరే ఆగిపోయిన కిడ్నీకి అదే పనికి రెండు లీటర్లు కావాలి. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు మొదట్లో కొందరు రాత్రిళ్లు పదేపదే మూత్రానికి లేవడానికి ఇదొక కారణం.

ఇక మీకు మార్కులు పోయిన చోటికి వద్దాం. మీరు నీళ్లు తాగని ఒక రాత్రి, ఒక నిమిషంలో వడపోసిన 125 మిల్లీలీటర్ల వెంట వెళ్లండి. ప్రాక్సిమల్ ట్యూబ్యూల్‌లో గ్లూకోజు, అమైనో ఆమ్లాలు దాదాపు పూర్తిగా, సోడియం, నీరు 65 శాతం దాకా వెనక్కి వెళ్తాయి. లవణం, నీరు కలిసే పోతాయి కాబట్టి మిగిలిన 44 మిల్లీలీటర్ల గాఢత 300గానే ఉంటుంది. హెన్లీ లూప్ దిగువకు వెళ్లే భాగంలో నీరు మాత్రమే బయటికి పోతుంది. కిడ్నీ లోపలి భాగమైన మెడుల్లా లోతుకు దిగే పొడవైన లూప్‌ల మలుపు దగ్గర ద్రవం 1200 దాకా చిక్కబడుతుంది. విద్యార్థులు చాలామంది ఇక్కడే ఆగి, మూత్రం చిక్కబడిందని రాసేస్తారు. పైకి ఎక్కే భాగానికి నీరు పారదు. అక్కడి మందమైన గోడ సోడియం, పొటాషియం, క్లోరైడ్‌లను కలిపి మోసే వాహకంతో లవణాన్ని మాత్రమే బయటికి తోస్తుంది. అందువల్ల లూప్ దాటిన ద్రవం 25 మిల్లీలీటర్లు, దాని గాఢత 100. అది ప్లాస్మా కంటే పలుచన.

లూప్ చేసిన అసలు పని బయట, మెడుల్లా కణజాలంలో కనిపిస్తుంది. ఏ మట్టంలో చూసినా ఆ వాహకం సృష్టించగలిగే తేడా 200 మిల్లీఆస్మోళ్లే. ద్రవం ఎదురెదురు దిశల్లో కదులుతూ ఉండటం వల్ల ఆ తేడా మెట్టు మెట్టుగా పెరిగి మెడుల్లా కొనకు 1200 అవుతుంది. ఇందులో దాదాపు సగం వాటా యూరియాది. ఫ్యూరోసెమైడ్ ఆ వాహకాన్నే ఆపుతుంది కాబట్టి, నీటిని వెనక్కి పీల్చుకునేలా చేసే ఏడీహెచ్ హార్మోన్ ఎంత ఉన్నా మూత్రం చిక్కబడదు. దీన్ని ఉదాహరణగా రాస్తే మీకు విషయం అర్థమైందని పరీక్షకులకు తెలుస్తుంది.

చివరి నిర్ణయం కలెక్టింగ్ డక్ట్‌ది. ఏడీహెచ్ వచ్చినప్పుడు అక్కడి కణాల గోడలోకి ఆక్వాపోరిన్-2 అనే నీటి ద్వారాలు చేరతాయి. 25 మిల్లీలీటర్లలో 17 దాకా కిడ్నీ వెలుపలి భాగమైన కార్టెక్స్‌లోనే పీల్చుకోబడతాయి, అక్కడ రక్తప్రవాహం పుష్కలంగా ఉంటుంది. మెడుల్లాలోకి దిగేది సుమారు 8 మిల్లీలీటర్లే. పాఠాల్లో ఈ విషయానికి తగినంత చోటు దక్కదని నా అభిప్రాయం, ఎందుకంటే 25 మిల్లీలీటర్ల నీరంతా మెడుల్లాలోనే వెనక్కి వస్తే అక్కడ కూడబెట్టిన లవణం పలుచబడిపోయేది. ఆ ఎనిమిది నుంచి నీటితో పాటు కొంత లవణం కూడా పోయి, చివరికి నిమిషానికి 0.35 మిల్లీలీటరు, అంటే రోజుకు అర లీటరు మూత్రం మిగులుతుంది. వెనక్కి వచ్చిన నీటిని వాసా రెక్టా నెమ్మదిగా తీసుకెళ్తుంది. ఆ నాళాలు కూడా యు ఆకారంలో వంగి ఉండటం వల్ల లవణం పెద్దగా కొట్టుకుపోదు.

కాబట్టి మీ మూత్రం ముదురుగా ఉండటం ఏడీహెచ్ తన పని తాను చేస్తున్నదనడానికి గుర్తు కావచ్చు. చూడకుండా అంతకంటే గట్టిగా చెప్పలేను, ఎందుకంటే కామెర్లు, కండరాలు దెబ్బతినడం వంటి కారణాలతోనూ మూత్రం రంగు మారుతుంది. వడపోత సంగతి తేల్చేది రక్తంలోని క్రియాటినిన్. దాంతోపాటు మూత్రం స్పెసిఫిక్ గ్రావిటీ, సోడియం చూస్తారు. క్రియాటినిన్ పెరిగి ఉన్నా గ్రావిటీ 1.020 దాటి, మూత్రంలో సోడియం 20 కంటే తక్కువగా ఉంటే, ట్యూబ్యూల్స్ పనిచేస్తున్నాయని, కిడ్నీకి రక్తం, నీరు చాలడం లేదని అనుమానిస్తారు. గ్రావిటీ 1.010 దగ్గర నిలిచిపోయి, సోడియం 40 దాటితే ట్యూబ్యూల్స్ దెబ్బతిన్నాయేమోనని చూడాలి. ఈ అంకెలు సాధారణ సూచికలే. మీ రిపోర్టును చూసే వైద్యుడి మాటే ఖాయం చేసుకోండి.

రోజు మొత్తంలో మూత్రం 400 మిల్లీలీటర్ల కంటే తగ్గినా, రక్తం కనిపించినా, ముఖం లేదా కాళ్లు వాచినా, వాంతులు ఆగకపోయినా ఓపీ సమయం కోసం ఎదురుచూడకుండా అదే రోజు అత్యవసర విభాగానికి వెళ్లండి. అవేవీ లేకపోయినా ఈ పరీక్షలను మీ రాత పరీక్ష తర్వాతకు వాయిదా వేయవద్దు. వెళ్లినప్పుడు రోజుకు ఎన్ని ఐబుప్రోఫెన్ మాత్రలు వేసుకున్నారో, చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారో దాచకుండా చెప్పండి. తలనొప్పికి మరో మాత్రను సొంతంగా మొదలుపెట్టకండి. కళ్ల పరీక్ష, బీపీ పరీక్ష కూడా అక్కడే చేయించుకోండి.