నీళ్ల విలువ తేలేది ఐదో బకెట్ దగ్గరే

ప్రశ్న: దాహంతో ఉన్నప్పుడు మొదటి గ్లాసు అమృతంలా ఉంటుంది, ఐదో గ్లాసు చూస్తేనే వెగటు. ఉపాంత ప్రయోజనం అంటే ఇంతేనా?

ఇంకొక్క గ్లాసు తాగితే అదనంగా కలిగే తృప్తినే ఉపాంత ప్రయోజనం అంటారు, గొంతు సంగతి వరకు ఇంతే. తాగిన నీళ్లు రక్తంలో పూర్తిగా కలవకముందే నోరూ గొంతూ మెదడుకి కబురు పంపేస్తాయి, దాహం దిగిపోతుంది. అందుకే రెండో గ్లాసుకే సగం హుషారు తగ్గుతుంది. ఐదు గ్లాసులూ ఒకే ఊపులో తాగితేనే ఈ లెక్క. మధ్యలో గంటసేపు ఎండలో తిరిగొస్తే మళ్లీ ఒకటో గ్లాసే. ఇంటర్ పుస్తకాల్లో దీనికి ఒక పట్టిక వేసి 20, 15, 10, 5, సున్నా అని మార్కులేస్తారు. ఆ తృప్తిని ఏ తూకంలో కొలిచారని అడిగితే మా లెక్చరర్‌కి కోపం వచ్చేది.

కానీ అసలు విషయం కడుపులో లేదు, వాడకంలో ఉంది. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ బోరు ఒక ఎండాకాలం నీళ్లకి బదులు గాలి కక్కడం మొదలెట్టింది. ఐదు వేల లీటర్ల ట్యాంకర్, యాభై ఫ్లాట్లు. ఇరవై లీటర్ల బకెట్లలో లెక్కేస్తే ఇంటికి ఐదు బకెట్లు. పొద్దున వాచ్‌మన్ సంపులో కర్ర ముంచి తడి ఎక్కడిదాకా వచ్చిందో చూసేవాడు, తర్వాతే వాల్వ్ తిప్పేవాడు.

ఎవరూ చెప్పకుండానే మా ఇంట్లో వరస ఏర్పడింది. మొదటి బకెట్ తాగడానికీ వంటకీ. రెండోది స్నానాలకి, అదీ చెంబు లెక్కన. మూడోది గిన్నెలకీ టాయిలెట్‌కీ. నాలుగోది బట్టలకి. ఐదోది బాల్కనీలో మా అమ్మ పెంచే మల్లె, తులసి కుండీలకి.

ఒకరోజు మా అబ్బాయి వంటింట్లో పరిగెడుతూ మొదటి బకెట్టే తన్నేశాడు. నీళ్లన్నీ హాల్లోకి పారాయి. ఆ రోజు వంట ఆగిందా? లేదు. కుండీల బకెట్ వంటింట్లోకి వచ్చింది, మల్లె ఎండిపోయింది. చూశారా, ఒలికింది తాగే నీళ్లు, పోయింది మాత్రం పూల నీళ్లు! ఐదు బకెట్లున్నంతకాలం ఏది ఒలికినా నష్టం ఐదోదాని పనికే. అంటే ఆ రోజు ఏ ఒక్క బకెట్ విలువైనా మల్లెమొక్క విలువే. అదే ట్యాంకర్ రాక ఇంట్లో ఒక్క బకెట్టే మిగిలితే దాని విలువ ప్రాణంతో సమానం. నీళ్లు మారలేదు, ఆఖరి బకెట్ చేసే పని మారింది.

ఇదేమీ నా కనిపెట్టుడు కాదు. ఆస్ట్రియా ఆర్థికవేత్త బోమ్-బావర్క్ 1880ల్లోనే అడవిలో ఒంటరిగా బతికే రైతునీ అతని ఐదు బస్తాల ధాన్యాన్నీ పెట్టి ఇదే చెప్పాడు. ఆయన కథలో ఐదో బస్తా చిలకల మేతకి. ప్రాణాధారమైన నీళ్లు చవక, పనికిరాని వజ్రం ఖరీదు ఎందుకని 1776లో ఆడమ్ స్మిత్ వేసిన చిక్కుముడి కూడా ఇలాగే విడిపోయింది. నీళ్లు బోలెడు కాబట్టి చివరి గ్లాసు చేసే పని చిన్నది, వజ్రాలు అరుదు కాబట్టి చివరి వజ్రానికీ గిరాకీ ఉంటుంది. ధరకి సంబంధం మొదటి గ్లాసుతో కాదు, చివరి దానితో.

ఇక నా గొడవ. మా అసోసియేషన్ ట్యాంకర్ బిల్లుని చదరపు అడుగుల లెక్కన పంచుతుంది. అంటే నేను ఇంకో పది బకెట్లు వాడినా నా మీద పడేది వాటి ఖర్చులో దాదాపు యాభయ్యో వంతు, మిగతాది అందరి నెత్తినా. అలాంటప్పుడు ఎవరైనా తృప్తి సున్నా అయ్యేదాకా వాడతారు. బోరు కోలుకోకముందే, రెండు ట్యాంకర్లొచ్చిన ఆదివారం ఒకాయన పైపు పెట్టి కారు కడిగాడు. అడిగితే "నా వాటా నేను కట్టాను కదండీ" అన్నాడు. ఆయన లెక్క ప్రకారం ఆయన మాట కరెక్టే, తప్పు బిల్లుది. నీళ్లు పొదుపు చేయండి అని లిఫ్ట్‌లో బొమ్మలు అంటించే కమిటీకి ఇది ఎక్కదు.

మీటర్లు పెట్టమని మీటింగ్‌లో పట్టుబట్టాను. ప్లంబర్ వచ్చి చూసి, ఫ్లాటుకి ఒక్క లైను కాదు సార్, పై ట్యాంకు నుంచి వంటింటికొకటి, ఒక్కో బాత్రూమ్‌కొకటి విడిగా దిగుతున్నాయి, ఇంటికి మూడు నాలుగు మీటర్లు కావాలి అన్నాడు. ఖర్చు వినగానే సెక్రటరీ గారు టీ తెప్పించి టాపిక్ మార్చేశారు. ఈ ఏడాదీ బిల్లు చదరపు అడుగుల లెక్కనే, తాళం వేసి అమెరికాలో ఉంటున్నవాళ్ల ఫ్లాటుకి కూడా.