ఫోర్డు రోజుకూలీ 5 డాలర్లు చేసింది కార్లు అమ్ముకోవడానికేనా?

ప్రశ్న: "1914లో హెన్రీ ఫోర్డు కూలీని ఒక్కసారిగా రోజుకు 5 డాలర్లు చేశాడట. తన పనివాళ్లే తన కార్లు కొనాలని అలా చేశాడంటారు, నిజమేనా? దానివల్ల ఫ్యాక్టరీలూ ఊళ్లూ ఎలా మారాయి?"

కార్లు అమ్ముకోవడానికైతే కాదు. అప్పటికి ఆ కంపెనీలో సుమారు 14,000 మంది పనిచేస్తుండగా ఏడాదికి 2 లక్షలకు పైగా కార్లు తయారయ్యేవి. పనివాళ్లలో ఒక్కొక్కరూ ఏటా ఒక కారు కొన్నారనుకున్నా, అమ్మకాల్లో అది పదో వంతుకు కూడా రాదు. అసలు కారణం తెలియాలంటే 1913లో డెట్రాయిట్‌ను ఆనుకుని ఉన్న హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో పని తీరు ఎలా మారిందో చూడాలి.

ఇంజనుకు నిప్పురవ్వ అందించే మాగ్నెటోను అంతకుముందు ఒక్కో మనిషి బల్ల దగ్గర కూర్చుని మొదటినుంచి చివరిదాకా తానే బిగించేవాడు. ఒకదానికి దాదాపు 20 నిమిషాలు పట్టేది. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆ పనిని 29 ముక్కలుగా విడగొట్టి మనుషులను వరుసగా నిలబెట్టగా అది 13 నిమిషాల 10 సెకన్లకు తగ్గింది. తరువాత వంగే అవసరం లేకుండా లైను ఎత్తు పెంచారు, గొలుసుతో నడిపారు, చివరికి 5 నిమిషాలకు తెచ్చారు. గొలుసు వేగం కూడా తడుముకుంటూ తేల్చుకున్నదే. నిమిషానికి 60 అంగుళాలైతే మనుషులు అందుకోలేకపోయారు, 18 అయితే మరీ నెమ్మది అయింది, 44 దగ్గర కుదిరింది. 1914 వసంతానికి కారు అడుగు చట్రమైన ఛాసిస్ బిగింపు సైతం పన్నెండున్నర గంటల నుంచి 93 నిమిషాలకు దిగింది.

నేను శ్రీపెరుంబుదూరు వైపు ఒక వాహనాల ఫ్యాక్టరీలో కొన్నేళ్లపాటు లైను బ్యాలెన్సింగ్ పని, అంటే ఏ స్టేషనుకు ఎంత పని పంచాలో తేల్చే పని, చూశాను. బల్లల పద్ధతిలో ఒకడు మానేస్తే వాడు చేయవలసిన సరుకే తగ్గుతుంది, కానీ లైనులో ఒక స్టేషను ఖాళీ అయితే వెనకాల ఉన్నవాళ్లందరి పనీ ఆగుతుంది. అందుకే మేము ప్రతి సెక్షనుకూ ఏ స్టేషనులోనైనా నిలబడగల రిలీఫ్ మనుషులను అదనంగా ఉంచుకునేవాళ్లం. అయినా సంక్రాంతి సెలవులప్పుడు వాళ్లూ చాలేవారు కారు. పని నేర్చుకోవడం తేలికే, రోజూ అదే పని చేయడమే కష్టమని అక్కడ అందరికీ తెలుసు.

ఇప్పుడు హైలాండ్ పార్క్ లెక్క చూడండి. 1913లో ఆ 14,000 మందిని నిలుపుకోవడానికి 52,000 మందిని పనిలోకి తీసుకోవలసి వచ్చింది. చేరినవాళ్లు చేరినట్టే వెళ్లిపోతున్నారు, ఎవరు వెళ్లినా లైను కుంటుపడుతోంది. అందుకని 1914 జనవరి 5న, 9 గంటలకు 2.34 డాలర్లున్న కూలీని 8 గంటలకు 5 డాలర్లుగా ప్రకటించారు. దానితోపాటు రెండు షిఫ్టులు మూడయ్యాయి. మనిషి రాకపోతే జరిగే నష్టంతో పోల్చితే ఆ ఖర్చు కంపెనీకి గిట్టుబాటే.

అయితే ఆ 5 డాలర్లలో సగానికి పైగా కూలీ కాదు, లాభంలో వాటా. అది దక్కాలంటే ఆరు నెలల సర్వీసు ఉండాలి, తాగుడు ఉండకూడదు, ఇల్లు శుభ్రంగా ఉండాలి. ఇవన్నీ చూడడానికి కంపెనీ విచారణాధికారులు పనివాళ్ల ఇళ్లకే వచ్చేవారు. మొదట్లో ఆడవాళ్లకు ఆ వాటా లేదు. నా దృష్టిలో ఉదారతగా చెప్పుకునే కథలో మరుగున పడేది ఈ భాగమే. పనివాడు కారు కొనగలగడం మాత్రం నిజంగానే జరిగింది. 1908లో 850 డాలర్లున్న ఫోర్డు మోడల్ టీ కారు 1916కు 360కి దిగింది. పాత కూలీతో పాత ధర దాదాపు 363 రోజుల సంపాదన కాగా, కొత్త కూలీతో కొత్త ధర 72 రోజుల సంపాదన. కానీ అది ఫలితమే తప్ప ఉద్దేశం కాదు.

ఊళ్ల సంగతికి వస్తే, 1910లో 4,120 మంది ఉన్న హైలాండ్ పార్క్‌లో 1920 నాటికి 46,499 మంది తేలారు. డెట్రాయిట్ 4.65 లక్షల నుంచి 9.93 లక్షలకు పెరిగింది. పోలండ్ తదితర దేశాల వలసవాళ్లతో పాటు దక్షిణాది రాష్ట్రాల నల్లజాతివాళ్లు కూడా వచ్చారు, కానీ వాళ్లలో చాలామందికి దక్కింది లోహం కరిగించి పోతపోసే ఫౌండ్రీలోని వేడి పనే. ఇళ్లు చాలక, అద్దె గదుల్లో ఒకే మంచాన్ని షిఫ్టుల వారీగా పంచుకునేవారు.

నేనిప్పుడు ఉంటున్నది డెట్రాయిట్ శివారులోనే. ఇక్కడి ట్రాయ్, నోవై, ఫార్మింగ్‌టన్ హిల్స్‌లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, మాలో చాలామందిమి ఆటో కంపెనీల పనిమీద వచ్చినవాళ్లమే. హైలాండ్ పార్క్ మాత్రం ఆ పెరుగుదలను నిలుపుకోలేకపోయింది. అక్కడి ఫ్యాక్టరీ అంతస్తుల భవనాలు పొడవాటి లైనుకు సరిపడక, 1927లో కొత్త మోడల్‌తో పాటు చివరి బిగింపు పని ఫోర్డు రివర్ రూజ్ ఫ్యాక్టరీలోని ఒకే అంతస్తు షెడ్లకు తరలిపోయింది. చౌక కారు చేతికొచ్చాక పనివాళ్లు సైతం ట్రామ్ మార్గానికి, ఫ్యాక్టరీ గేటుకు దగ్గరలోనే ఉండవలసిన అవసరం లేకుండా పోయింది.